వీడియో మధ్యలో ప్రేక్షకులు వెళ్లిపోతున్నారా? మాట వేగంతో పోల్చి కారణం పట్టుకునే పద్ధతి

భీమవరం, నరసాపురం, అమలాపురం చుట్టుపక్కల రొయ్యల చెరువుల మీద తెలుగులో వివరణ వీడియోలు చేసేవాళ్లు చాలామంది ఉన్నారు. విషయం తెలిసినవాళ్లే, గొంతు కూడా బాగుంటుంది. అయినా ఒకచోట ప్రేక్షకుల గీత జారిపోతుంది. "వేగంగా మాట్లాడుతున్నారు, కాస్త నెమ్మదించండి" అని అందరూ చెప్పే సలహా మంచిదే. కానీ ఎక్కడ నెమ్మదించాలో తెలియకపోతే మొత్తం వీడియో సాగదీసినట్టు తయారవుతుంది, తెలిసిన విషయాల దగ్గర కూడా జనం విసుగుతో వెళ్లిపోతారు. సబ్‌టైటిల్ ఫైలు నుంచి మాట వేగం లెక్కగట్టి, దాన్ని జనం వెళ్లిపోయిన చోటుతో పోల్చినప్పుడు ఎదురయ్యే సమస్యలు, వాటి కారణాలు, చేయవలసిన పనులు ఇక్కడ చెబుతున్నాను.

ముందు రెండింటినీ ఒకే కొలమానంలోకి తేవాలి. యూట్యూబ్ స్టూడియోలో వీడియో అనలిటిక్స్ తెరిస్తే, ఏ క్షణంలో ఎంత శాతం మంది చూస్తున్నారో చెప్పే Audience retention గీత కనిపిస్తుంది. ఆ గీత విలువలను ప్రోగ్రాముతో తెచ్చుకునే యూట్యూబ్ అనలిటిక్స్ ఏపీఐ ద్వారా తీసుకుంటే, అది వీడియోను వంద సమాన భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక విలువ ఇస్తుంది. దాని పేరు `audienceWatchRatio`. వీడియో 8 నిమిషాల 20 సెకన్లు, అంటే 500 సెకన్లు ఉంటే ఒక్కో భాగం 5 సెకన్లు. ఎస్ఆర్‌టీ సబ్‌టైటిల్ ఫైలులో ప్రతి వాక్యానికీ మొదలైన క్షణం, ముగిసిన క్షణం ఉంటాయి కాబట్టి ఏ మాట ఏ భాగంలో పడుతుందో తేలిగ్గా తెలుస్తుంది.

సమస్య: వేగం లెక్క నమ్మలేనంత ఎక్కువగా వస్తోంది

యంత్రం తయారుచేసిన సబ్‌టైటిళ్లను వీటీటీ అనే మరో రకం ఫైలుగా దించుకున్నప్పుడు ఇది తరచూ ఎదురవుతుంది. తెర మీద పాత పంక్తి పైకి జరిగి కొత్త పంక్తి కింద చేరుతుంది కదా, ఫైలులో ఆ పాత పంక్తి మళ్లీ రాసి ఉంటుంది. అదే వాక్యం రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ముందు వాక్యంలో ఉన్న పంక్తులను తర్వాతి దాంట్లోంచి తీసేసి మళ్లీ లెక్కించాలి. ఒక్క నిమిషం భాగాన్ని చెవితో విని, మాటలు లెక్కపెట్టి, ఫైలు లెక్కతో సరిచూసుకుంటే చాలు, తేడా వెంటనే బయటపడుతుంది.

సమస్య: జనం వెళ్లిపోయిన చోట వేగం తక్కువగా ఉన్నట్టు కనిపిస్తోంది

అసలు చిక్కు ఇక్కడే ఉంది. నిమిషానికి ఇన్ని మాటలు అనే కొలత తెలుగుకు రెండు రకాలుగా సరిపడదు. మొదటిది, మన మాటల పొడవు ఒకేలా ఉండదు. "నీరు" ఒక మాట, "పెట్టుకోవలసినంత" కూడా ఒక మాటే. పైగా "చేయవలసి వచ్చింది" అన్నదాన్ని ఒకరు కలిపి రాస్తారు, ఇంకొకరు విడదీసి రాస్తారు. రాసే మనిషిని బట్టి వేగం మారిపోతుంది. అందుకే ఇంగ్లీషు వీడియోలకు చెప్పే నిమిషానికి 150 మాటల లెక్కను తెచ్చి మన వీడియోల మీద పెట్టకూడదు. మాటలకు బదులు పలికే అక్షరాలను లెక్కించడం మేలు. తెలుగు లిపిలో అది సులువు: అచ్చులు, హల్లులు కూడి, పొల్లు గుర్తులను తీసివేస్తే సరి. కంప్యూటర్‌లో ఒత్తు ముందు కూడా కనిపించని పొల్లు గుర్తు ఉంటుంది. "స్త్రీ"లో మూడు హల్లులు, రెండు పొల్లులు, కాబట్టి పలికేది ఒక్క అక్షరం. "ఫోన్" ఒకటి, "ఫోను" రెండు.

```python
import re
def aksharalu(t):
    acchu = len(re.findall('[\u0C05-\u0C14]', t))
    hallu = len(re.findall('[\u0C15-\u0C39]', t))
    return acchu + hallu - t.count('\u0C4D')
```

రెండోది అంకెలు. లెక్కను ఎక్కువగా దారి తప్పించేవి ఇవే. సబ్‌టైటిల్‌లో 4047 అని రాస్తే అది ఒక్క మాట. నోటితో పలికితే "నాలుగు వేల నలభై ఏడు", నాలుగు మాటలు, పది అక్షరాలు. పై కోడుకైతే అంకె అసలు కనిపించదు. చెరువు లెక్కలు చెప్పే వీడియోలో అంకెలు ఎక్కువగా ఉన్న చోటే ప్రేక్షకుడికి కష్టం, సరిగ్గా అక్కడే మన కొలత "నెమ్మదిగా ఉంది" అని చెబుతుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. చెరువులో మందు మోతాదు గురించి చెప్పే 500 సెకన్ల వీడియో అనుకోండి. సరిగ్గా సగం దగ్గర ఈ వాక్యం ఉంది:

```
58
00:04:10,000 --> 00:04:18,000
ఎకరం 4047 చదరపు మీటర్లు, లోతు 1.5 మీటర్లు,
నీరు 6070 ఘనపు మీటర్లు, 1 పీపీఎంకు 6 కిలోలు
```

లెక్క సరైనదే. ఒక ఘనపు మీటరు నీటికి ఒక గ్రాము వేస్తే 1 పీపీఎం, కాబట్టి 6070 ఘనపు మీటర్లకు దాదాపు 6 కిలోలు. ఇప్పుడు వేగం చూడండి. ఫైలులో ఉన్నట్టుగా 8 సెకన్లలో 15 మాటలు, అంటే నిమిషానికి 112. అక్షరాలైతే 30, నిమిషానికి 225. ఈ మనిషి మిగతా వీడియోలో నిమిషానికి 300 అక్షరాల చొప్పున మాట్లాడుతున్నాడనుకుంటే, ఇక్కడ బాగా నెమ్మదించాడని పట్టిక చెబుతుంది. అంకెలన్నిటినీ పలికినట్టుగా అక్షరాల్లో రాసి మళ్లీ లెక్కిస్తే 55 అక్షరాలు వస్తాయి, నిమిషానికి 412. తన మామూలు వేగం కంటే మూడో వంతుకు పైగా ఎక్కువ. సబ్‌టైటిల్‌లో అంకెలు అంకెలుగానే ఉండనివ్వండి, చదివేవాళ్లకు అదే సుఖం. లెక్క కోసం మాత్రం వేరే నకలు తీసుకుని, అందులో అంకెలను మాటల్లోకి మార్చండి.

సమస్య: వేగం పెరిగిన చోటు, గీత పడిన చోటు ఒకదానికొకటి కలవడం లేదు

అర్థంకాని క్షణంలోనే ఎవరూ ఫోను మూసేయరు. తర్వాతి వాక్యంతోనైనా అర్థమవుతుందేమోనని కాసేపు చూస్తారు, అప్పుడు వెళ్తారు. కొందరు వెనక్కి జరిపి మళ్లీ వింటారు. అందుకే పడిన చోటు నుంచి పది, పదిహేను సెకన్లు వెనక్కి వెళ్లి వెతకాలి. పై ఉదాహరణలో 0.50 భాగం నుంచి విలువలు వరుసగా ఇలా ఉన్నాయనుకుందాం: 46, 47, 45, 41, 38, 37 శాతం. వాక్యం 4:18కి ముగిసింది, పెద్ద జారుడు 4:25 దగ్గర ఉంది. దానికి ముందు 46 నుంచి 47కు చిన్న ఎగుడు కనిపిస్తోంది. అంతకుముందు వెళ్లిపోయినవాళ్లు తిరిగి రారు కదా, గీత పైకి లేచిందంటే సాధారణంగా ఆ భాగాన్ని ఎవరో మళ్లీ చూశారని అర్థం, లేదా ముందుకు దూకి అక్కడికి వచ్చారని. ఎగుడు, వెంటనే జారుడు ఒకదాని పక్కన ఒకటి ఉంటే అక్కడ విన్నది అందలేదని నేను మొదట అనుమానిస్తాను.

ఎంత పడిందన్నది కూడా మిగిలినవాళ్లతో పోల్చి చూడాలి. 45 నుంచి 41కి పడితే నాలుగే పాయింట్లు. వంద మందిలో నలుగురైతే పెద్ద విషయం కాదు, అప్పటికి మిగిలిన 45 మందిలో నలుగురు వెళ్లారంటే దాదాపు 9 శాతం. అదే వీడియోలో మిగతా చోట్ల ఒక్కో భాగానికి 1 శాతం చొప్పున తగ్గుతుంటే, ఇది తొమ్మిది రెట్లు. మొదటి అర నిమిషాన్ని మాత్రం ఈ పోలికలోంచి తీసేయండి. ఆ సమయంలో వెళ్లేవాళ్లు ఎక్కువగా శీర్షిక చూసి ఇంకేదో ఆశించి వచ్చినవాళ్లు. వాళ్లను మాట వేగంతో ముడిపెడితే పట్టిక అంతా పాడవుతుంది.

సమస్య: మరోచోట ఇంతే వేగంగా మాట్లాడినా ఎవరూ వెళ్లలేదు

ఈ పరీక్ష చేయకుండా వేగాన్ని దోషిగా తేల్చకూడదు. అదే వీడియోలో వేగం ఎక్కువగా ఉన్న మిగతా వాక్యాలను కూడా తీసి చూడండి. ఏరేటర్లు రాత్రి ఎప్పుడు వేయాలి, తెల్లవారుజామున ఆక్సిజన్ ఎందుకు పడిపోతుంది అన్నది డెల్టా రైతుకు రోజూ కళ్లెదుట ఉండే విషయం. అక్కడ నిమిషానికి 400 అక్షరాలు దాటినా గీత కదలకపోవచ్చు. తెలిసిన విషయాన్ని వేగంగా వినగలం. కొత్త సంఖ్య, దాని వెంటనే మరో కొత్త సంఖ్య, మొదటిదాన్ని గుర్తుపెట్టుకుంటేనే రెండోది అర్థమయ్యే లెక్క వస్తే మాత్రం వేగం బరువవుతుంది. కాబట్టి పట్టికలో వేగం పక్కనే ఇంకో గడి పెట్టి, ఆ వాక్యంలో కొత్త సంఖ్యలు ఎన్ని ఉన్నాయో రాయండి. పై వాక్యంలో అయిదున్నాయి. వేగం ఎక్కువగా ఉండి కొత్త సంఖ్యలు లేని చోట గీత నిలబడి, రెండూ కలిసిన చోట పడుతుంటే కారణం దొరికినట్టే. రెండు రకాల చోట్లా పడుతుంటే అప్పుడు నిజంగా వేగాన్నే తగ్గించుకోవాలి. ఏ రకానికీ సంబంధం లేకుండా పడుతుంటే ఆ క్షణంలో తెర మీద ఏముందో చూడండి: ఖాళీ స్లయిడు, మసక పటం, ఉన్నట్టుండి హోరెత్తిన సంగీతం లాంటివి.

"ఇక చివరిగా" అన్న మాట దగ్గర పడేది వేరే సంగతి. మోతాదు తెలిసిపోయింది, రైతు పని మీద వెళ్లిపోయాడు. దాన్ని లోపంగా లెక్కించకండి.

ఏం చేయాలి

యూట్యూబ్‌లో పెట్టిన వీడియో స్థానంలో అదే లింకు మీద కొత్త ఫైలు పెట్టడం కుదరదు. ఎడిటర్‌తో భాగాలు కత్తిరించవచ్చు, మాటల మధ్య విరామం చేర్చలేరు. పాత వీడియోకు చేయగలిగింది, లెక్క మొదలయ్యే చోట వివరణలో చాప్టర్ గుర్తు పెట్టడం. చాప్టర్లు పనిచేయాలంటే మొదటిది 00:00తో మొదలవ్వాలి, కనీసం మూడు ఉండాలి, ఒక్కోటి పది సెకన్లకు తగ్గకూడదు. ఆ తర్వాత అక్కడికి నేరుగా దూకేవాళ్ల వల్ల గీతలో ఎగుడు వస్తుంది, దాన్ని పాత గీతతో పోల్చవద్దు.

కొత్త వీడియోలో వాక్యాన్నే మార్చాలి. ఫలితం ముందు, లెక్క తర్వాత. "అయిదడుగుల నీళ్లున్న ఎకరం చెరువు. ఒక పీపీఎంకు ఆరు కిలోలు." ఇది 26 అక్షరాలు. పై ఉదాహరణలోని మనిషి మామూలు వేగంతోనే అయిదు సెకన్లలో అయిపోతుంది, అదే ఎనిమిది సెకన్లలో దాదాపు మూడు సెకన్ల మౌనం మిగులుతుంది. ఆ మౌనంలో తెర మీద 6 కిలోలు అన్న అంకె ఒక్కటే ఉంచాలి. చదరపు మీటర్లు, ఘనపు మీటర్లు కావలసినవాళ్లకు ఆ తర్వాత, ఒక్కో సంఖ్య ఒక్కో వాక్యంలో. చెరువు లోతును అడుగుల్లో చెప్పడం వల్ల ఒక కొత్త సంఖ్య తగ్గింది కూడా, అది రైతుకు ముందే తెలిసిన కొలత.

అప్‌లోడ్ చేసే ముందు ఆ ముప్పై సెకన్లను ఒక రైతుకు ఫోనులో చూపించి, "ఎకరానికి ఎన్ని కిలోలన్నారండీ?" అని అడగండి. గీత చెప్పేదానికంటే ఆ జవాబు ముందే వస్తుంది. గీతను చూసేటప్పుడు మాత్రం వీక్షణలు ఎన్నో గమనించండి. 200 మంది చూసిన వీడియోలో సగం దాటాక మిగిలేది 90 మంది అయితే, నలుగురు వెళ్లినా 4 శాతం జారుడు కనిపిస్తుంది. అలాంటప్పుడు ఒక్క వీడియో మీద తీర్పు చెప్పకుండా, లెక్కలున్న మరికొన్ని వీడియోల్లో కూడా అదే ఎగుడు, అదే జారుడు ఉన్నాయా అని చూసి, అప్పుడు వాక్యాలు మార్చండి.