అక్క పాట వెతికితే అన్నమయ్య పేజీలో తేలింది

అక్క పాడిన ‘నానాటి బతుకు నాటకము’ మ్యూజిక్ యాప్‌లలో అప్‌లోడ్ అయ్యాక వెతికితే అన్నమాచార్య పేజీలో కనిపించింది. ఫారం నింపిన స్టూడియో కుర్రాడు Primary Artist దగ్గర అన్నమయ్య, నేదునూరి, అక్క ముగ్గురినీ పెట్టేశాడు. ఆ గడిలో ఎవరెవరుంటే పాట వాళ్లందరి పేజీలకీ వెళ్తుంది.

అందుకే అక్కడ అక్క పేరొక్కటే ఉంచి, Lyricist దగ్గర అన్నమాచార్య, Composer దగ్గర నేదునూరి కృష్ణమూర్తి అని మార్చాను. సాహిత్యం ఎప్పుడో 15వ శతాబ్దిది కాబట్టి అందరిదీ అనుకుంటాం గానీ, రేవతి రాగంలోని ఈ బాణీ నేదునూరి గారు కట్టింది, కాబట్టి Composer గడిలో ‘సాంప్రదాయం’ అని రాసి దులుపుకుంటే కుదరదు.

టైటిల్‌లో పాట పేరు తప్ప ‘తెలుగు భక్తి కవర్ సాంగ్’ లాంటి తోకలన్నీ పీకేశాను. భాష రెండు చోట్ల అడుగుతారు, టైటిల్‌కి ఒకటి, పాడినదానికి ఒకటి. ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేసినా రెండూ తెలుగే.

ఇవన్నీ పాత ISRC, అంటే ఆ రికార్డింగుకి ఇచ్చిన గుర్తింపు నంబరు మీదే సరిచేయించండి. కొత్త నంబరుతో మళ్లీ ఎక్కిస్తే పాత ప్లేల లెక్క పోయే ప్రమాదం ఉంది.