తక్కువ బడ్జెట్‌లో మొదటి గేమింగ్ మెషీన్: కన్సోలా, ల్యాప్‌టాపా, డెస్క్‌టాపా?

షాపుకి వెళ్లే ముందే ఒక కాగితం మీద మూడు విషయాలు రాసుకోండి. కచ్చితంగా ఆడబోయే ఆటల పేర్లు, ఇంట్లో ఇప్పటికే ఉన్న సామాను, ఆట కాకుండా ఆ మెషీన్‌తో చేయాల్సిన పని. ధరల గురించి అడగడం ఆ తర్వాతే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. గుంటూరు బ్రాడీపేటలో ఉంటూ రోజూ ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లొచ్చే కుర్రాడు. చేతిలో 50 వేలు. హాల్లో ఫుల్ హెచ్‌డీ టీవీ ఉంది. స్నేహితులతో వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడాలి, కోడింగ్ ప్రాక్టీసూ చేసుకోవాలి.

ముందు కన్సోల్ సంగతి తేల్చుకోండి

టీవీ ఉంది కాబట్టి కన్సోలే చవక అనిపిస్తుంది. కానీ కౌంటర్ స్ట్రైక్ 2 కన్సోల్‌లో లేదు. వాలరెంట్ 2024లో కన్సోల్‌కి వచ్చినా, అందులో ఆడేవాళ్లు పీసీ వాళ్లతో కలిసి ఆడలేరు. ఇతని స్నేహితులందరూ పీసీ మీదే ఉన్నారు. కోడింగ్ ఎలాగూ కుదరదు. ఇక్కడితో కన్సోల్ పక్కకి వెళ్లిపోయింది.

కాగితం మీద ఫుట్‌బాల్ ఆటలు, గాడ్ ఆఫ్ వార్ లాంటి కథా ఆటలు మాత్రమే ఉండి, చదువు పని లేకపోతే నేను కన్సోలే కొనమంటాను. అప్పుడు డిస్క్ పెట్టే వీలున్న మోడల్ చూడండి. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎస్‌లో డిస్క్ డ్రైవ్ లేదు కాబట్టి పాత డిస్కులు చవగ్గా కొనడం, ఆడేశాక అమ్ముకోవడం దాంతో కుదరదు. డబ్బు పెట్టి కొన్న ఆటలు ఆన్‌లైన్‌లో నలుగురితో ఆడాలంటే సాధారణంగా చందా కూడా కట్టాలి. ఆ ఖర్చూ బడ్జెట్‌లో కలపండి.

ల్యాప్‌టాప్ హాస్టల్ వాళ్లకే

మెషీన్ మోసుకు తిరగాల్సిన అవసరం నిజంగా ఉంటేనే ల్యాప్‌టాప్. ఎందుకంటే మీ డబ్బులో కొంత స్క్రీన్‌కీ బ్యాటరీకీ పోతుంది, గ్రాఫిక్స్ తర్వాత మార్చుకోలేరు, పైగా బ్యాటరీ మీద ఆడితే వేగం పడిపోతుంది. మే నెలలో మన ఎండలకి ఏసీ లేని గదిలో వేడెక్కి ఆట మధ్యలో నెమ్మదించడం కూడా మామూలే.

కొనక తప్పకపోతే గ్రాఫిక్స్ పేరు ఒక్కటే చూసి మోసపోవద్దు. ఆర్‌టీఎక్స్ 3050 అనే ఒకే పేరుతో 35 వాట్లదీ ఉంది, 80 వాట్లదీ ఉంది. ఆటలో తేడా బాగా కనిపిస్తుంది. షాపులో డెమో పీస్ ఆన్ చేయించి NVIDIA Control Panelలో System Information తెరిచి, Maximum Graphics Power ఎంతుందో చూడండి.

మన కుర్రాడికి డెస్క్‌టాప్, రెండు విడతల్లో

మొదటి విడతలో గ్రాఫిక్స్ కార్డు కొనకండి. రైజెన్ 5 5600జి ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటుంది. సెట్టింగ్స్ తగ్గించుకుంటే ఆ రెండు ఆటలూ ఆడుకోవచ్చు. కొత్తగా వచ్చే పెద్ద ఆటలకి మాత్రం ఇది చాలదు, ఆ ఆశ పెట్టుకోవద్దు. పెట్టె మీద చివర జి అక్షరం ఉందో లేదో మీ కళ్లతో చూసుకోండి. జి లేని 5600లో గ్రాఫిక్స్ ఉండదు, కార్డు లేకుండా దానికి డిస్‌ప్లేనే రాదు.

ఎక్కువమంది దెబ్బతినేది ర్యామ్ దగ్గర. ఈ ప్రాసెసర్ గ్రాఫిక్స్‌కి సొంత మెమరీ లేదు, ర్యామ్‌నే వాడుకుంటుంది. అందుకే 16 జీబీ ఒకే స్టిక్‌గా వేస్తే డేటా వెళ్లే దారి సగమై ఆట తడబడుతుంది. 8 జీబీవి రెండు స్టిక్కులు వేయించండి. బిగించాక Task Managerలో Performance, అందులో Memory నొక్కితే Slots used దగ్గర 2 అని కనిపించాలి.

మెషీన్‌లోని పార్టులన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎంపీఎస్ మాత్రం ఇప్పుడే పేరున్న కంపెనీది, 550 వాట్లది తీసుకోండి. క్యాబినెట్‌తో కలిపి ఇచ్చే పేరులేని ఎస్‌ఎంపీఎస్ వద్దనండి. రేపు కార్డు పెట్టినప్పుడు అది లోడు తట్టుకోలేక ఆట మధ్యలో మెషీన్ ఆగిపోతుంది.

ప్రతి పార్టు మోడల్, ధర, వారంటీ విడివిడిగా రాసిన కొటేషన్ రెండు మూడు షాపుల్లో తీసుకోండి. ర్యామ్ ధరలు తరచూ మారతాయి కాబట్టి ఒకే రోజు తీసుకుంటేనే పోలిక సరిగ్గా ఉంటుంది. మొత్తం 50 వేలు దాటితే ర్యామ్‌లో కోత పెట్టకండి, మానిటర్‌ని వాయిదా వేయండి. అప్పటిదాకా హాల్లో టీవీకి హెచ్‌డీఎంఐ కేబుల్ కలిపి, టీవీలో గేమ్ మోడ్ ఆన్ చేస్తే మౌస్ ఆలస్యంగా కదలడం చాలావరకు తగ్గుతుంది.

డబ్బు కూడాక రెండో విడతలో కార్డు కొనండి. బిగించాక డిస్‌ప్లే కేబుల్‌ని మదర్‌బోర్డు నుంచి తీసి కార్డుకే పెట్టాలి. పాత చోటే వదిలేస్తే కొత్త కార్డు పెట్టినా వేగంలో తేడా కనపడకపోవచ్చు.