రెండో మనిషి చూడందే పోస్టు వద్దు: వరద సీజన్‌కి ముందు జాగ్రత్తలు

టీమ్ అందరికీ,

ఎగువన వానలు అందుకున్నాయి. కొద్ది రోజుల్లో గోదారిలో ఎర్ర నీరు దిగుతుంది, ఇక మన ఫోన్లకి నిద్ర ఉండదు. అందుకని ఈ సోమవారం నుంచి కొత్త పద్ధతి పెడుతున్నాను. ఏ పోస్టయినా సరే, రాసినవాళ్లు కాకుండా ఇంకొకరు సరిచూసి, డెస్క్ గ్రూపులో "చూశాను" అని తమ పేరుతో పెట్టాకే బయటికి వెళ్లాలి. తీర్థం పోస్టుకో, పూతరేకుల పోస్టుకో అది నిమిషం పని. వాటి గురించి ఇక్కడ రాయను. ఇబ్బందంతా వరద పోస్టుల దగ్గరే.

పోయిన సీజన్లో మనం చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. రాత్రి పదిన్నరకి మనలో ఒకరికి ధవళేశ్వరం నీటిమట్టం 14.25 మీటర్లు అని కేంద్ర జల సంఘం లెక్క దొరికింది. మన జనానికి అడుగుల్లో చెబితేనే అర్థమవుతుందని దాన్ని అడుగుల్లోకి మార్చి, "ధవళేశ్వరం వద్ద 46.75 అడుగులు" అని పెట్టేశాం. గుణకారంలో తప్పు లేదు. పోస్టు మాత్రం పూర్తిగా తప్పు. పావుగంటలో ఒక లంక నుంచి పెద్దాయన ఫోన్ చేశారు. "ఎనభై ఆరులో కూడా ఇంత రాలేదు కదా బాబూ, గేదెల్ని విప్పేసి పిల్లల్ని తీసుకుని గట్టెక్కెయ్యమంటారా?" అని అడిగారు. నాకు నోట మాట రాలేదు.

జరిగిందేమిటంటే, ఆ మీటర్ల లెక్క సముద్ర మట్టం నుంచి కొలిచింది. బ్యారేజీ దగ్గర మనం రోజూ చెప్పుకునే అడుగులు అక్కడి గేజీ సున్నా నుంచి కొలిచినవి. రెండింటికీ మధ్య తేడా 35 అడుగులు. 46.75లోంచి 35 తీసేస్తే 11.75. అంటే ఆ రాత్రి అసలు వార్త "మొదటి ప్రమాద హెచ్చరిక మట్టానికి చేరింది" అని. అది చిన్న సంగతి కాదు, కానీ లంకల వాళ్లకి తెలిసిన సంగతి. ఆ మాట చెబితే వాళ్లు ఏం సర్దుకోవాలో వాళ్లే సర్దుకుంటారు.

కాబట్టి సరిచూసేవాళ్లు మొట్టమొదట అడగాల్సింది "ఈ అంకె ఏ ఊరిది, ఏ కొలతలోది, ఎన్ని గంటలప్పటిది?" అని. ధవళేశ్వరంలో మొదటి హెచ్చరిక 11.75 అడుగులకి, రెండోది 13.75కి, మూడోది 17.75కి. వాటికి జోడీగా వచ్చే ప్రవాహం దాదాపు 10 లక్షలు, 13 లక్షలు, 17 లక్షల క్యూసెక్కులు. ఈ జోడీలు గుర్తుంటే సగం తప్పులు అక్కడే దొరుకుతాయి. పోస్టులో 15 అడుగులని రాసి పక్కనే 9 లక్షల క్యూసెక్కులని ఉందంటే, రెండిట్లో ఒకటి తప్పు, లేదా రెండూ వేర్వేరు గంటల లెక్కలు. భద్రాచలం లెక్క వేరు. అక్కడ హెచ్చరికలు 43, 48, 53 అడుగులకి. ధవళేశ్వరం పేరు పక్కన నలభైల్లో అంకె కనిపిస్తే అది భద్రాచలానిదై ఉండాలి, లేదా మనలాగే ఎవరో మీటర్లని మార్చి ఉండాలి. 1986 వరదలో కూడా ధవళేశ్వరం 24 అడుగుల పైచిలుకే తాకింది.

ఎక్కువ చెప్పే తప్పు కంటే తక్కువ చెప్పే తప్పు ఇంకా ప్రమాదం. కొన్ని బులెటిన్లలో ప్రవాహం క్యూమెక్కుల్లో ఉంటుంది, అంటే సెకనుకి ఘనపు మీటర్లు. ఒక క్యూమెక్కు 35 క్యూసెక్కులకి కాస్త ఎక్కువ. 28,300 క్యూమెక్కులంటే పది లక్షల క్యూసెక్కులు. తొందరలో "28 వేల క్యూసెక్కులు" అని రాస్తే, చదివినవాళ్లు ఏమీ లేదులే అనుకుని పడుకుంటారు.

ఇక "గోదావరి శాంతించింది" అనే హెడ్డింగు. నా వరకు అది పెట్టాలంటే నన్ను అడగాల్సిందే. భద్రాచలంలో తగ్గుతున్న నీరు ఇక్కడికి చేరేసరికి సుమారు ఒక రోజు పడుతుంది. అక్కడ పొద్దున తగ్గుముఖం పట్టినా ఇక్కడ సాయంత్రం దాకా, ఒక్కోసారి ఆ రాత్రంతా పెరుగుతూనే ఉండొచ్చు. పైగా శబరి వచ్చి కలిసేది భద్రాచలం దిగువన కూనవరం దగ్గర. శబరి పోటు మీదుంటే భద్రాచలం అంకె ఒక్కటి చూసి మనకి ధైర్యం చెప్పుకోవడానికి లేదు. అందుకని "తగ్గుతోంది" అని రాస్తే ఎక్కడ తగ్గుతోందో అదే వాక్యంలో ఉండాలి. ధవళేశ్వరంలో వరసగా మూడు గంటల లెక్కలు తగ్గుతూ కనిపిస్తేనే మన డెల్టాకి ఆ మాట వాడదాం. మూడు అన్నది నేను పెట్టుకున్న హద్దు, రూలు పుస్తకంలోది కాదు. బ్యారేజీ దగ్గర తగ్గాక కూడా దిగువ లంకల్లో నీరు వెంటనే తీయదు. అమావాస్య, పౌర్ణమి పోటు ఉంటే మరీ ఆలస్యం.

"ఏటిగట్టుకి గండి" అని ఎవరైనా వీడియో పంపితే అది గండేనా అని ముందు చూడండి. గట్టు అవతలి వైపు అడుగున నీరు చెమర్చి కారుతుంటే అది ఊట. గట్టు మీంచి నీరు దాటుతుంటే పొర్లడం. గట్టు తెగి మట్టి కొట్టుకుపోతుంటేనే గండి. మూడింటికీ ఇసుక బస్తాలే వేస్తారు కాబట్టి ఫొటోలో ఒకేలా కనిపిస్తాయి. ఊట కూడా ముదిరితే గండి అవుతుంది, అందుకే దాన్ని కొట్టిపారేయొద్దు. "ఊట కనిపించింది" అని ఉన్నదున్నట్టు రాయండి. కానీ గండి అని రాయాలంటే ఆ ఊళ్లో గట్టు మీద నిలబడ్డ మనిషితో ఫోన్లో మాట్లాడాలి, ఆ తర్వాత జలవనరుల శాఖ ఇంజనీరునో, తహసీల్దారు కార్యాలయాన్నో అడగాలి. వీడియో పంపినాయన సాక్షి కాదు, చాలాసార్లు ఆయనకీ ఎవరో పంపిందే.

2022 జూలై వరద ఫొటోలు ప్రతి ఏడూ తిరిగొస్తాయి. వాట్సాప్‌లో ఫొటోగా వచ్చిన దాంట్లో తీసిన తేదీ వివరాలు ఉండవు. పంపినవాళ్లని అదే ఫొటోని డాక్యుమెంటుగా పంపమనండి, చాలా ఫోన్లలో తేదీ దాంతో పాటే వస్తుంది. తర్వాత గూగుల్ లెన్స్‌లో వెతకండి. పాతది దొరికితే పని అయిపోయినట్టే. దొరకనంత మాత్రాన అది కొత్తదని కాదు. కాజ్‌వే మునిగిన వీడియో అయితే పంపినాయన్ని అక్కడే నిలబడి ఇప్పుడు ఒక పది సెకన్లు తీయమనండి, నీళ్లకి దూరంగా నిలబడి. నిజంగా అక్కడున్న మనిషి తీసి పంపిస్తాడు.

"ఈలోపు వేరేవాళ్లు పెట్టేస్తారు కదా" అని మీరు అడుగుతారని తెలుసు. పెట్టనివ్వండి. అధికారిక హెచ్చరిక వచ్చినప్పుడు మాత్రం ఆలస్యం వద్దు. విపత్తుల సంస్థ ప్రకటనని పదం మార్చకుండా, టైముతో సహా పెట్టడానికి రెండో మనిషికి రెండు నిమిషాలు చాలు.

తప్పు వెళ్లిపోతే పోస్టు తీసేసి ఊరుకోవద్దు. దాని స్క్రీన్‌షాట్ అప్పటికే లంకల గ్రూపుల్లో తిరుగుతుంటుంది. అదే పోస్టు పైన "సవరణ" అని, టైము, సరైన అంకె వేయండి. తప్పు అంకె ఏమిటో కూడా రాయండి, లేకపోతే స్క్రీన్‌షాట్ చూసినవాళ్లకి ఏది తప్పో తెలియదు.

రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు సరిచూసే వంతుల పట్టిక రేపు గ్రూపులో పెడతాను. మొదటి వారం రాత్రులు నావి. ఫోన్ సైలెంట్‌లో ఉండదు, రెండు రింగులకి ఎత్తకపోతే మళ్లీ చేయండి.