సెల్ఫ్ అప్రైజల్‌లో పాత అంకె కూడా రాయండి

మధురవాడ బస్సులో కూర్చుని ఫోన్‌లోనే సెల్ఫ్ అప్రైజల్ నింపేసే మన రుషికొండ ఐటీ జనాలకి ఒక మాట. ‘రిపోర్ట్ పేజీ స్పీడ్ పెంచాను’ అంటే మేనేజర్‌కి ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: ‘నెలవారీ రిపోర్ట్ తెరుచుకోవడానికి 9 సెకన్లు పట్టేది. టేబుల్‌కి ఇండెక్స్ పెట్టాక 2 సెకన్లకు తగ్గింది. దాని మీద నెలకు 14 ఫిర్యాదులు వచ్చేవి, ఇప్పుడు 3.’

పాత అంకె కోసం అప్పటి జిరా టికెట్ వెతకండి. మానిటరింగ్ డ్యాష్‌బోర్డ్‌లో పాత డేటా చాలాచోట్ల కొన్నాళ్లకే చెరిగిపోతుంది, అందుకే రిలీజ్‌కి ముందూ తర్వాతా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి.

టీమ్ పనైతే మీ వంతు విడిగా చెప్పండి: ‘ఇండెక్స్ నేను పెట్టాను, స్క్రీన్ మార్పులు మరొకరు చేశారు.’ రాసిన కోడ్ లైన్ల లెక్క మాత్రం వద్దు, దాంతో ఎవరికి ఏం ఒరిగిందో తెలియదు.