అపాయింట్‌మెంట్ సందేశాలు పంపే ముందు: "కింది బటన్ నొక్కండి" అనకండి

బటన్లతో సందేశాలు పంపే ఆర్‌సీఎస్ సేవ అందని ఫోనుకు అదే సందేశం మామూలు ఎస్సెమ్మెస్‌గా వెళ్లేలా పెట్టారా? అందులో బటన్లు ఉండవు. రోగి లేని బటన్ కోసం వెతికి, రద్దు చేయలేక ఊరుకుంటారు. ఆ సమయం మరొకరికీ దక్కదు. పైగా మన దేశంలో అక్షరాల పేరుతో వచ్చే సంస్థల ఎస్సెమ్మెస్‌కు జవాబు పంపలేము. అందుకే "మార్చుకోవాలంటే ఈ నంబరుకు ఫోను చేయండి" అని నంబరు ఇవ్వండి.

మెసెంజర్‌లో క్విక్ రిప్లై బటన్లు ఒకటి నొక్కగానే మాయమవుతాయి. మర్నాడు మళ్లీ చదివేవారికి "కింద" ఏమీ కనిపించదు.

వాట్సాప్‌లో "వస్తే 1, రాలేకపోతే 2 పంపండి" అని రాయండి. బటన్ ఉన్నా లేకపోయినా ఇది పనిచేస్తుంది. టైపు చేసిన "1", "వస్తాను" రెండింటినీ మీ వ్యవస్థ గుర్తిస్తుందో లేదో ముందే పరీక్షించండి.