సెమినార్ ముగిశాక - నాలుగో పాఠం: అడిగిన ప్రశ్న నుంచి ఉమ్మడి పనికి

గత పాఠంలో సెమినార్ చివరి పది నిమిషాల గురించి, అంటే ప్రశ్నల సమయం గురించి మాట్లాడుకున్నాం. ఎవరు ఏమి అడిగారో వీలైనంతవరకు వాళ్ల మాటల్లోనే రాసిపెట్టుకోమని చెప్పాను. ఆ కాగితం ఇప్పుడు తీయండి. ఉద్యోగం కోసం ఒక విభాగంలోనో ప్రయోగశాలలోనో ప్రసంగించి వచ్చాక రాసే మెయిల్‌కు ముడిసరుకు అదే.

ముందు ఒక జాగ్రత్త. మన దేశంలో ప్రభుత్వ సంస్థల నియామక ప్రకటనల చివర, ఏ రూపంలో పైరవీ చేసినా అనర్హులవుతారన్న వాక్యం తరచుగా కనిపిస్తుంది. అది చూసి చాలామంది సెమినార్ తర్వాత ఒక్క ముక్క కూడా రాయడానికి భయపడతారు. కొందరు దాన్ని పట్టించుకోకుండా, ‘నా దరఖాస్తును దృష్టిలో ఉంచుకోగలరు’ అని కమిటీ సభ్యులకే రాస్తారు. నేను పాటించే పరీక్ష ఒకటుంది. మీరు ఆ ఉద్యోగానికి దరఖాస్తే చేయలేదనుకోండి. అప్పుడు కూడా ఈ మెయిల్ ఇలాగే రాసేవారా? రాసేవారైతే పంపండి. మెయిల్‌లో దరఖాస్తు ఊసు, ఫలితం ఎప్పుడన్న ఆరా, పోస్టు పేరు ఉండకూడదు. మీ ప్రసంగం ఇంటర్వ్యూలోనే భాగమైతే, ఎంపిక కమిటీలో కూర్చున్నవారికి ఫలితం వచ్చేదాకా రాయకండి. చాలాచోట్ల ముందు విభాగంలో సెమినార్, ఆ తర్వాత కొన్ని వారాలకో నెలలకో కమిటీ ఉంటాయి. విభాగంలో ప్రశ్న అడిగిన శాస్త్రవేత్తకు రాయగలిగే సమయం ఆ మధ్యకాలమే.

ఎంతమందికి రాయాలి? ఆహ్వానించినవారికి నాలుగు వాక్యాల కృతజ్ఞత సరిపోతుంది. ఉమ్మడి పని ఆలోచనతో రాసే అసలు మెయిల్ ఒకరికి, మహా అయితే ఇద్దరికి. నేను ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో ఒకచోట ప్రసంగించి వచ్చి ఆరుగురికి రాశాను. పేరూ పరికరం పేరూ మార్చి, మిగతాదంతా ఒకేలా ఉంచాను. మధ్యాహ్నం ఒకే బల్ల దగ్గర భోంచేసేవాళ్లకు అది తెలియడానికి ఎంతోసేపు పట్టలేదు. ఒక్కరూ జవాబివ్వలేదు. వాళ్ల స్థానంలో ఉంటే నేనూ ఇవ్వను.

ఇక అసలు ఉదాహరణ. నిరుడు ఒక యువ పరిశోధకురాలు హైదరాబాద్‌లోని ఒక సంస్థలో ప్రసంగించింది. విషయం నల్లగొండ ప్రాంతపు బోరుబావుల్లో ఫ్లోరైడ్. తాగేనీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదని మన ప్రమాణం. అక్కడి గ్రానైట్ ప్రాంతంలో చాలా బోర్లు దాన్ని దాటుతాయి. వరిపొలంలో పెట్టిన బోరునీరు కొంత ఆవిరై, మిగిలింది చిక్కబడి మళ్లీ భూమిలోకి ఇంకుతుంది, ఇలా తిరిగిన కొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుందన్నది ఆమె వాదన. ఖనిజాల మీద పనిచేసే ఒక ప్రొఫెసర్ లేచి అడిగారు: ‘‘చిక్కబడటం వల్లే పెరిగిందంటున్నారు. రాతిలోని నల్ల అభ్రకం కరిగి వచ్చిన ఫ్లోరైడ్ కాదని ఎలా చెప్పగలరు?’’ క్లోరైడ్‌తో పోల్చి చెబుతానని ఈమె జవాబిచ్చింది. ఆవిడ తల ఊపి కూర్చున్నారు. తృప్తిపడలేదని తెలుస్తూనే ఉంది.

ఆ సాయంత్రం సికింద్రాబాద్ స్టేషన్‌లో రైలు కోసం కూర్చుని మొదటి మెయిల్ రాసి నాకు పంపింది. అందులో ముఖ్యమైన పేరా ఇది:

‘‘మీ పరిశోధన నన్ను ఎంతో ఆకట్టుకుంది. మీ ప్రయోగశాలలోని ఎక్స్-రే డిఫ్రాక్షన్ పరికరం నా పనికి చాలా ఉపయోగపడుతుంది. నా దగ్గరున్న 12 బోరుబావుల నమూనాల మీద మనం కలిసి పనిచేయవచ్చని భావిస్తున్నాను.’’

మర్యాదగానే ఉంది. అయినా పంపవద్దన్నాను. ఆవిడ అడిగిన ప్రశ్న ఇందులో ఎక్కడా లేదు. పరికరం వాడుకోనివ్వమని అడగడం ఉమ్మడి పరిశోధన కాదు, దానికి రుసుము కట్టి నమూనాలు ఇచ్చి రావచ్చు. ‘నా దగ్గరున్న నమూనాలు’ అన్న మాట అన్నిటికంటే ప్రమాదం. అవి ఆమె ఇప్పుడు పనిచేస్తున్న ప్రయోగశాలవి. అక్కడి గురువుగారి అనుమతి లేకుండా మరొకరికి ఇవ్వజూపితే, రేపు తన ల్యాబ్ సరుకునూ ఇలాగే పంచిపెడుతుందేమోనని ఎదుటివారు అనుకుంటారు.

అందుకే మెయిల్ పక్కన పెట్టి ప్రశ్న దగ్గరికి వెళ్లాం. క్లోరైడ్ లెక్క తేలికైనదే. నీరు ఆవిరైతే ఫ్లోరైడ్, క్లోరైడ్ రెండూ ఒకే పాళ్లలో చిక్కబడాలి. మొదట లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్, 40 మిల్లీగ్రాముల క్లోరైడ్ ఉన్న నీరు సగం ఆవిరైతే 2, 80 అవుతాయి. క్లోరైడ్ 80 ఉన్నచోట ఫ్లోరైడ్ 3 కనిపిస్తే, ఆ అదనపు ఒకటి రాతి నుంచి వచ్చి ఉండాలి. ఆమె సెమినార్‌లో చెప్పింది ఇంతవరకే.

కానీ వరికి రైతులు వేసే పొటాష్ ఎరువు మామూలుగా పొటాషియం క్లోరైడే. దాంతో క్లోరైడ్ బయటి నుంచి కూడా చేరుతుంది. అప్పుడు నీరు నిజంగా ఆవిరైనదానికంటే ఎక్కువ ఆవిరైనట్టు లెక్కలో తేలుతుంది, రాతి వాటా ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. అంటే లెక్కలోని లోపం సరిగ్గా ఆమె వాదనకు అనుకూలంగా పనిచేస్తోంది. ప్రొఫెసర్ అనుమానం సబబే. ఇది గ్రహించడానికి ఆమెకు ఒక రాత్రి పట్టింది. ఉమ్మడి పని పుట్టాల్సింది ఇక్కడే: తన పద్ధతి ఒంటరిగా తేల్చలేని చోట, ఎదుటివారి పద్ధతి తేల్చగలిగే చోట.

నీటి నమూనా రాతిలో ఏం జరిగిందో పరోక్షంగానే చెబుతుంది. రాతిపొడిని డిఫ్రాక్షన్‌లో చూస్తే నల్ల అభ్రకం చెక్కుచెదరకుండా ఉందా, బంకమట్టి ఖనిజాలుగా మారిపోయిందా అన్నది నేరుగా తెలుస్తుంది. ఒకే రకం గ్రానైట్ మీద వరి కింద కొన్ని బోర్లు, మెట్టలో కొన్ని బోర్లు తీసుకుని రెండుచోట్లా పోల్చితే సరి. ఇక్కడ నేను ఒక ప్రశ్న వేశాను: ఎప్పుడో వేసిన 12 బోర్ల రాతిపొడి ఇప్పుడెక్కడ దొరుకుతుంది? దొరకదు. బోరుబండి తవ్వుతున్నప్పుడు గాలితో పైకి ఎగజిమ్మే పొడిని అక్కడే నిలబడి, ప్రతి మూడు మీటర్లకు ఒకసారి సంచిలో పట్టుకోవాలి. అందుకే సంఖ్య 12 నుంచి 4కు దిగింది: ఆ వేసవిలో కొత్తగా వేయబోయే బోర్లలో వరి పక్కన రెండు, మెట్టలో రెండు. నీరు మాత్రం తవ్విన రోజున కాదు, కొన్నాళ్లు మోటారు నడిచి తేటపడ్డాక పట్టాలి. సంఖ్య చిన్నదయ్యాక ఆలోచన నమ్మదగ్గదైంది.

చివరికి వెళ్లిన మెయిల్ ఇది. అసలు ఇంగ్లీషులో వెళ్లింది, ఇక్కడ తెలుగులో ఇస్తున్నాను.

‘‘గౌరవనీయులైన మేడమ్‌కు,

మంగళవారం సెమినార్‌లో, ఫ్లోరైడ్ పెరగడంలో ఆవిరి వాటాను, రాతి వాటాను ఎలా విడదీస్తావని మీరు అడిగారు. క్లోరైడ్‌తో పోల్చి అని చెప్పాను. తర్వాత లెక్క వేసి చూస్తే, పొటాష్ ఎరువు వాడే పొలాల్లో ఆ జవాబు చాలదని తేలింది. ఎరువులోని క్లోరైడ్ వల్ల రాతి వాటా తక్కువగా కనిపిస్తుంది. ఆ లెక్క ఒక పేజీలో జతచేశాను.

దీన్ని నీటి నమూనాలతో మాత్రమే తేల్చలేను. ఈ వేసవిలో కొత్తగా వేసే నాలుగు బోర్ల దగ్గర, రెండు వరి పక్కన, రెండు మెట్టలో, లోతువారీగా రాతిపొడి, తర్వాత నీరు నేను సేకరించగలను. నీటి విశ్లేషణ నా బాధ్యత. అభ్రకం ఎంతవరకు మారిందో పొడిలో చదవడం మీ అనుభవం ఉన్నవారికే సాధ్యం. రెండుచోట్లా అభ్రకం ఒకేలా మారి ఉండి, ఫ్లోరైడ్ మాత్రం వరి పక్కనే ఎక్కువగా ఉంటే నా వాదన నిలబడుతుంది. వరి పక్కన అభ్రకం ఎక్కువగా మారి ఉంటే నా వాదనను సవరించుకోవాలి.

ఈ పోలికలో మొదటే కనిపించే లోపం ఏదైనా ఉంటే చెప్పగలరా? వీలైతే వచ్చే వారం ఫోనులో పదిహేను నిమిషాలు మాట్లాడగలను.’’

మొదటి పేరాలో తన జవాబు చాలలేదని ఆమె తానే ఒప్పుకుంది. అలా రాస్తే బలహీనంగా కనిపిస్తామని చాలామంది భయపడతారు. ఎంపికలో కూర్చున్నవాడిగా చెబుతున్నాను, ప్రశ్నను ఇంటికి తీసుకెళ్లి దాంతో పోరాడిన మనిషి అరుదు. రెండో పేరాలో ప్రశ్న, బోర్లు, నీరు అన్నీ ఆమెవే. ప్రొఫెసర్ కాదన్నా సగం పని నడుస్తుంది. అధ్యాపక పోస్టుకు ఇది ముఖ్యం, ఎందుకంటే అక్కడ సొంత కాళ్ల మీద ల్యాబ్ నడపగలవారినే వెతుకుతారు. ఒక పెద్ద శాస్త్రవేత్త బృందంలో చేరే పోస్టయితే తూకం మారుతుంది, వాళ్ల దగ్గర ఇప్పటికే నడుస్తున్న ప్రాజెక్టులో మీ ముక్క ఎక్కడ అతుకుతుందో చెప్పాలి. చివర అడిగింది కూడా చిన్నదే. ‘కలిసి పనిచేద్దామా’ అంటే అవుననడానికి ఎవరైనా తటపటాయిస్తారు. ‘లోపం చెప్పగలరా’ అంటే శాస్త్రవేత్త చేయి ఊరుకోదు.

మెయిల్ సెమినార్ అయిన రెండు మూడు రోజుల్లో వెళ్లాలి. అదే రాత్రి పంపితే ఆలోచన పచ్చిగా ఉంటుంది, పది రోజులు దాటితే అడిగిన ప్రశ్న వాళ్లకే గుర్తుండదు. శీర్షికలో ప్రశ్ననే పెట్టండి: ‘ఫ్లోరైడ్‌లో రాతి వాటా గురించి మీ ప్రశ్న’. జతచేసేది ఒక్క పేజీ. ప్రసంగం స్లైడ్లన్నీ పంపకండి, వాటిలో అచ్చుకాని పాత ల్యాబ్ ఫలితాలు ఉంటాయి.

జవాబు రాకపోతే రెండు వారాలు ఆగి ఒకసారి గుర్తుచేయవచ్చు, అదీ కొత్త విషయం ఏదైనా ఉంటేనే. ఆ తర్వాత వదిలేయండి. ఈ ఉదాహరణలో జవాబు నాలుగో రోజున వచ్చింది, రెండే వాక్యాలు: ‘‘గాలితో తవ్వే బోరులో పై పొరల పొడి కింది పొడితో కలిసిపోతుంది, లోతును అంత కచ్చితంగా నమ్మకు. ముందు ఒక్క బోరు పొడి తెచ్చి చూపించు.’’ ఆ పోస్టు ఫలితం వచ్చేలోపే మొదటి సంచి ఆవిడ బల్ల మీదికి చేరింది.

అభ్యాసం: మీ కాగితంలోంచి, మీరు సరిగా జవాబివ్వలేకపోయిన ప్రశ్నను ఒకటి ఎంచుకోండి. మీ పద్ధతి దాన్ని ఎందుకు తేల్చలేదో మూడు వాక్యాల్లో రాయండి. అడిగినవారి అచ్చయిన వ్యాసాలు రెండు చదివి, వాళ్ల పద్ధతి తేల్చగలదో లేదో చూడండి. తేల్చలేదని తెలిస్తే జవాబు మాత్రమే పంపండి, ఉమ్మడి పని ప్రస్తావన వద్దు. తేల్చగలదనిపిస్తే, ఏ ఫలితం వస్తే మీ వాదన పడిపోతుందో ఒక వాక్యం రాయండి. ఆ వాక్యం కుదిరేదాకా మెయిల్ మొదలుపెట్టకండి.

వచ్చే పాఠంలో: ఫోనులో ఆ పదిహేను నిమిషాలు, ఎవరి పేరు ఎక్కడ అన్న మాట ఎప్పుడు ఎత్తాలి.