ప్రీక్వాలిఫికేషన్ పంపే ముందు: కవర్ లెటర్, ఎగ్జిక్యూటివ్ సమ్మరీ దగ్గర తీసుకోవాల్సిన జాగ్రత్తలు

మధ్యస్థాయి రోడ్డు కాంట్రాక్టర్ల ఆఫీసుల్లో, టెండరుకు ముందు అర్హత చూపించుకునే ప్రీక్వాలిఫికేషన్ ఫైలంతా వారాల తరబడి తయారవుతుంది. మొదటి మూడు నాలుగు పేజీలు మాత్రం చివరి రాత్రి, పాత ఫైల్లోంచి కాపీ చేసి, పేర్లు మార్చి పెడతారు. పరిశీలించేవాళ్లు ముందు చూసేది ఆ పేజీలనే. సమ్మరీ బాగుందని సాధారణంగా మార్కులేమీ రావు. అర్హత తేలేది ఫారాల్లో, సర్టిఫికెట్లలో. కానీ సమ్మరీలో ఒక అంకె, ఫారంలో మరో అంకె ఉంటే అక్కడి నుంచి ప్రతి పేజీనీ అనుమానంగా చూస్తారు. అందుకే కవర్ లెటర్‌నూ, సమ్మరీనీ ఫారాలన్నీ ఖరారయ్యాకే రాయండి. ముందు రాసి తర్వాత ఫారాలు మారిస్తే రెండూ కలవవు.

కవర్ లెటర్ సంగతి ముందు చూద్దాం. చాలా డాక్యుమెంట్లలో దరఖాస్తు లేఖకు పని పిలిచిన సంస్థ ఇచ్చిన నమూనా ఒకటి ఉంటుంది. అది వేరు, మీ లెటర్‌హెడ్ మీద వేసే కవర్ లెటర్ వేరు. నమూనాలో ఖాళీలు నింపడమే మన పని, వాక్యాలు ముట్టుకోకూడదు. కవర్ లెటర్ ఒక్క పేజీ దాటనక్కర్లేదు. పని పేరు, రిఫరెన్స్ నంబరు ఆహ్వానంలో ఎలా ఉంటే అలాగే, కంపెనీ పేరు రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్నట్టే అక్షరం తేడా లేకుండా ఉండాలి. జాయింట్ వెంచర్ అయితే సభ్యులెవరో, అందరి తరఫునా ఎవరు సంతకం చేస్తున్నారో, అందిన అడెండంల నంబర్లేమిటో, జత చేసిన సంపుటాలెన్నో చెబితే చాలు.

సంతకం దగ్గర తేదీలు చూడండి. పవర్ ఆఫ్ అటార్నీ ఈ నెల 14న రాయించి, లేఖ మీద 11వ తేదీ ఉంటే, సంతకం చేసిన రోజున ఆయనకు ఆ అధికారం లేదన్నట్టే. లేఖ తేదీ పవర్ ఆఫ్ అటార్నీ తేదీ రోజునో, ఆ తర్వాతో ఉండాలి. సంతకం చేసినాయన పేరు రెండు చోట్లా ఒకేలా ఉండాలి.

లేఖలో అసలైన ప్రమాదం షరతులు. ఎవరూ షరతు అనుకుని రాయరు, మర్యాదగా రాస్తున్నామనుకుంటారు. ‘ప్రస్తుత పని ముగియగానే మా పేవర్, హాట్ మిక్స్ ప్లాంటు ఈ పనికి కేటాయిస్తాం’ అన్న వాక్యం చూడండి. చదివేవాళ్లకు దాని అర్థం, ఇప్పుడు యంత్రాలు ఖాళీగా లేవని. యంత్రాల ఫారంలో అదే పేవర్ అందుబాటులో ఉందని రాసి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. ‘బిటుమెన్ ధరలకు సర్దుబాటు ఉంటుందని భావిస్తున్నాం’ అన్నది కూడా అలాంటిదే. ప్రీక్వాలిఫికేషన్‌లో ధర ఊసే ఉండదు. సందేహముంటే గడువులోపు వివరణ కోరుతూ విడిగా ఉత్తరం రాయాలి, కవర్ లెటర్‌లో ఇరికించకూడదు.

ఇక ఎగ్జిక్యూటివ్ సమ్మరీ. ఒక కల్పిత ఉదాహరణ తీసుకుందాం. అడిగిన అర్హతలు ఇవి: గత ఐదేళ్ల సగటు నిర్మాణ టర్నోవర్ కనీసం 60 కోట్లు, ఇలాంటి రోడ్డు పని ఒకటి కనీసం 50 కోట్లది పూర్తిచేసి ఉండాలి, ఏదైనా వరుస 12 నెలల్లో 40 వేల టన్నుల తారు మిశ్రమం పరిచి ఉండాలి. కంపెనీ సమ్మరీ మొదటి పేరాలో ‘సగటు టర్నోవర్ 70 కోట్లు, 90 కోట్ల రహదారి పూర్తిచేశాం’ అని గర్వంగా రాసుకుంది.

ఆడిట్ లెక్కల్లో ఐదేళ్ల మొత్తం 350 కోట్లు, సగటు 70 నిజమే. కానీ అందులో 25 కోట్లు క్రషర్ నుంచి కంకర అమ్మితే, యంత్రాలు అద్దెకిస్తే వచ్చినవి. అడిగింది నిర్మాణ టర్నోవర్. అవి తీసేస్తే 325, సగటు 65. అర్హతకు 60 చాలు కాబట్టి కంపెనీ నెగ్గుతుంది. అయినా ఫారంలో 65, సమ్మరీలో 70 ఉంటే పెంచి చెప్పారన్న మాట పడుతుంది. ఉన్న 65నే రాసుంటే ఏ గొడవా లేదు.

90 కోట్ల రహదారి జాయింట్ వెంచర్‌లో చేసింది, కంపెనీ వాటా 40 శాతం. చాలా డాక్యుమెంట్లు వాటా మేరకే లెక్కిస్తాయి. అంటే 36 కోట్లు, 50కి చాలదు. విచారమేమిటంటే అదే కంపెనీ ఒంటరిగా పూర్తిచేసిన 54 కోట్ల రోడ్డు ఫైల్లో ఎక్కడో వెనక పేజీలో ఉంది. అర్హతనిచ్చే పని వెనక పడి, పేరుకు పెద్దదైన పని ముందుకొచ్చింది. సమ్మరీలో ముందుండాల్సింది షరతును నెగ్గించే పని. జాయింట్ వెంచర్ పనిని చెప్పాలనుకుంటే ‘మొత్తం 90, మా వాటా 36’ అని ఒకే వాక్యంలో చెప్పండి. రెండు చిన్న పనులు కలిపి 50 అని చూపించడం కూడా, డాక్యుమెంటు స్పష్టంగా ఒప్పుకుంటే తప్ప కుదరదు.

తారు మిశ్రమం దగ్గర పొరపాటు ఇంకా సూక్ష్మంగా ఉంటుంది. కంపెనీ 28 నెలల్లో 95 వేల టన్నులు పరిచింది. సగటు తీస్తే 12 నెలలకు దాదాపు 40,700 టన్నులు, సరిపోయినట్టే కనిపిస్తుంది. కానీ అడిగింది సగటు కాదు, వరుస 12 నెలల్లో నిజంగా పరిచింది. వర్షాలకు ఆగిన నెలలుంటాయి, జోరుగా సాగిన నెలలుంటాయి. నెలవారీ బిల్లుల నుంచి పరిమాణాలు తీసి పట్టిక వేసుకుని, ఎక్కువ వచ్చే వరుస 12 నెలలు వెతకాలి. ఆ నెలల పేర్లతోనే సమ్మరీలో రాయాలి. సర్టిఫికెట్‌లో మొత్తం టన్నులే ఉంటే అది ఈ షరతుకు రుజువు కాదు. పని ఇచ్చిన సంస్థ దగ్గర నెలవారీ వివరాలతో మరో సర్టిఫికెట్ అడగాలి, దానికి సమయం పడుతుంది కనుక ఈ లెక్క ముందే చూసుకోండి.

సమ్మరీ ఆకారానికి మా సలహా ఒక్కటే. కంపెనీ చరిత్రతో మొదలుపెట్టకండి. అడిగిన అర్హతలను వాళ్ల వరుసలోనే, వాళ్ల మాటల్లోనే పెట్టి, పక్కన మీ అంకె, దాని పక్కన ఫారం పేరు, పేజీ నంబరు ఇవ్వండి. రెండు పేజీలు చాలు. ‘అపార అనుభవం’, ‘అత్యాధునిక యంత్రాలు’ లాంటి మాటలకు ఏ గడిలోనూ చోటుండదు. పాత వివాదాలు, రద్దయిన కాంట్రాక్టులు ఉంటే ఫారంలో రాసినంతే సమ్మరీలోనూ ఒక వాక్యంలో చెప్పండి. ఫారంలో కేసు ఉండి సమ్మరీలో ‘ఎలాంటి వివాదాలూ లేవు’ అని పాత వాక్యం మిగిలిపోతే అది తప్పుడు ప్రకటన కిందికి వస్తుంది. ఒక కాంట్రాక్టు రద్దవడం కన్నా అదే పెద్ద ముప్పు.

సంపుటాలన్నీ కలిపి ఒక్క ఫైలు చేశాక పేజీ నంబర్లు జరుగుతాయి. కాబట్టి పేజీ నంబర్లు ఆఖర్న, కలిపిన ఫైలు చూసే నింపాలి. ఆ తర్వాత సమ్మరీ ప్రింటు తీసి, రాయని మనిషికి ఎర్ర పెన్నుతో ఇవ్వండి. ప్రతి అంకెనూ చెప్పిన పేజీకి వెళ్లి చూసి టిక్కు పెట్టాలి. టిక్కు పడని అంకె సమ్మరీలో ఉండకూడదు. అదే చేత్తో ఫైలు మొత్తంలో పాత క్లయింటు పేరు, పాత పని పేరు వెతికించండి. హెడర్లలో, ఫుటర్లలో అవి తరచూ మిగిలిపోతాయి.